యంత్రం కొనాలా వద్దా: తరుగుదల వల్ల వచ్చే పన్ను ఆదాను లెక్కలో ఎక్కడ కలపాలి?

హైదరాబాద్‌లో బాలానగర్, జీడిమెట్ల, చర్లపల్లి వైపు యంత్ర విడిభాగాలు తయారుచేసే చిన్న కంపెనీ ఒకటి కొత్త యంత్రం కొనాలనుకుందని అనుకుందాం. కంపెనీ అకౌంటెంట్ ఒక లెక్క వేస్తారు. బ్యాంకు రుణం కోసం ప్రాజెక్టు రిపోర్టు తయారుచేసే కన్సల్టెంట్ ఇంకో లెక్క వేస్తారు. యంత్రం ఒకటే, ధర ఒకటే, వచ్చే పని కూడా ఒకటే. అయినా ఒకరి షీటులో నష్టం, మరొకరి షీటులో ఐదారు లక్షల లాభం కనిపిస్తుంది. ఇలాంటి తేడా వచ్చినప్పుడు ముందుగా వెతకాల్సిన చోటు తరుగుదల వరుస. తరుగుదల డబ్బు చెల్లించే ఖర్చు కాదు, కానీ పన్నును తగ్గిస్తుంది. ఆ తగ్గిన పన్నునే ట్యాక్స్ షీల్డ్ అంటారు. దాన్ని నగదు రాబడికి ఎలా కలపాలన్న దగ్గరే లెక్కలు దారి తప్పుతాయి.

సంక్షిప్తంగా

పన్ను పోగా మిగిలే నగదును రెండు దారుల్లో లెక్కించవచ్చు. రెండింటికీ ఒకే జవాబు రావాలి. రాలేదంటే షీల్డ్ రెండుసార్లు పడింది, లేదా అసలు పడలేదు. లెక్కలో వాడాల్సింది ఖాతా పుస్తకాల తరుగుదల కాదు, ఆదాయ పన్ను చట్టం ఇచ్చే తరుగుదల. భారతీయ పన్ను విధానంలో యంత్రం అమ్మేశాక కూడా షీల్డ్ పూర్తిగా ఆగిపోదు. యంత్రాన్ని ఏ తేదీన వాడకంలోకి తెచ్చారు, కంపెనీ ఏ పన్ను విధానంలో ఉంది అన్నవి ఫలితాన్ని మారుస్తాయి.

## ఒకే నగదుకు రెండు దారులు

లెక్క కోసం ఒక కేసు తీసుకుందాం. కంపెనీ ఇప్పుడు మిల్లింగ్ పనిని బయట జాబ్ వర్క్‌కు ఇచ్చి ఏడాదికి 21 లక్షలు చెల్లిస్తోంది. వర్టికల్ మెషినింగ్ సెంటర్ (వీఎంసీ) ఒకటి సొంతంగా పెట్టుకుంటే ఆపరేటర్ జీతం, కరెంటు, టూలింగ్, సర్వీసు కాంట్రాక్టు కలిపి 7.5 లక్షలు అవుతుంది. అంటే పన్నుకు ముందు ఏటా 13.5 లక్షలు మిగులుతుంది. యంత్రం ధర, రవాణా, పునాది, బిగింపు అన్నీ కలిపి 50 లక్షలు. జీఎస్టీ మొత్తం ఇన్‌పుట్ క్రెడిట్‌గా తిరిగి వస్తుంది కాబట్టి అది ఈ 50 లక్షల్లో లేదు. క్రెడిట్ తీసుకున్న జీఎస్టీ మీద మళ్లీ తరుగుదల అడగడానికి వీల్లేదు.

కంపెనీ 22 శాతం పన్ను విధానాన్ని (పాత చట్టంలో సెక్షన్ 115బీఏఏ) ఎంచుకుంది. 10 శాతం సర్‌చార్జీ, 4 శాతం సెస్సు కలిస్తే అసలు రేటు 25.168 శాతం. యంత్రాలకు సాధారణ తరుగుదల రేటు 15 శాతం. దీన్ని ఏటా మిగిలిన విలువ మీద, అంటే డబ్ల్యూడీవీ మీద లెక్కిస్తారు. ముందు ముందు వచ్చే డబ్బును నేటి విలువకు, అంటే ప్రస్తుత విలువకు, తగ్గించి చూసే డిస్కౌంట్ రేటు 12 శాతం. యంత్రాన్ని ఏప్రిల్‌లో బిగించి, ఐదేళ్లు నిండాక ఆరో ఏడాది మొదట్లో 15 లక్షలకు అమ్ముతారు.

మొదటి ఏడాదిని ముందు లాభం దారిలో చూద్దాం. 13.5 లక్షల మిగులులోంచి 7.5 లక్షల తరుగుదల తీసేస్తే పన్ను పడే లాభం 6 లక్షలు. దాని మీద పన్ను 1.51 లక్షలు. పన్ను తర్వాత లాభం 4.49 లక్షలు. తరుగుదల పేరుతో డబ్బేమీ బయటికి పోలేదు కాబట్టి ఆ 7.5 లక్షలను తిరిగి కలపాలి. నగదు 11.99 లక్షలు.

రెండో దారిలో తరుగుదల లేదనుకుని మొదలుపెట్టాలి. 13.5 లక్షల మీద 25.168 శాతం పన్ను పోతే 10.10 లక్షలు మిగులుతుంది. తరుగుదల ఉన్నందువల్ల తప్పిన పన్ను 7.5 లక్షలలో 25.168 శాతం, అంటే 1.89 లక్షలు. రెండూ కలిపితే మళ్లీ 11.99 లక్షలే.

```
దారి 1:  (మిగులు − తరుగుదల) × (1 − పన్ను రేటు) + తరుగుదల
దారి 2:  మిగులు × (1 − పన్ను రేటు) + తరుగుదల × పన్ను రేటు
```

మొదటి సూత్రంలో బ్రాకెట్లు విప్పితే రెండోదే వస్తుంది. మరి రెండు దారులు ఎందుకంటే, రెండో దారిలో షీల్డ్ వేరే వరుసగా కనిపిస్తుంది. పన్ను రేటు మారినా, తరుగుదల పద్ధతి మారినా ఆ ఒక్క వరుస మారిస్తే చాలు. అమ్మకం తర్వాత ఏం జరుగుతుందో చూడటానికి కూడా ఈ దారే పనికొస్తుంది.

## షీల్డ్ రెండుసార్లు పడే చోటు

ప్రాజెక్టు రిపోర్టుల్లో ‘పన్ను తర్వాత లాభం + తరుగుదల’ అన్న వరుస ఎప్పుడూ ఉంటుంది. రుణం తీర్చే శక్తిని చూడటానికి బ్యాంకు దాన్నే అడుగుతుంది. ఆ వరుసను తీసుకొచ్చి, కింద ‘ట్యాక్స్ షీల్డ్’ అని ఇంకో వరుస కలిపితే తప్పు జరిగిపోయినట్టే. పన్ను తర్వాత లాభం లెక్కలో తరుగుదలను ముందే తీసేశారు. పన్ను తక్కువ పడింది అందుకే. అంటే షీల్డ్ ఆ లాభంలోనే ఉంది.

మన కేసులో మొదటి ఏడాది ఈ పొరపాటు చేస్తే నగదు 11.99కి బదులు 13.88 లక్షలు అవుతుంది. ఇక్కడే తేలికైన పరీక్ష ఒకటి ఉంది. పన్నుకు ముందు మిగిలేదే 13.5 లక్షలు. పన్ను పడే లాభం ఉన్న ఏడాదిలో పన్ను కట్టాక మిగిలే నగదు పన్నుకు ముందున్న నగదును మించిందంటే షీటు తప్పు, ఇంకేమీ చూడక్కర్లేదు. చివరి ఏళ్లలో తరుగుదల తగ్గిపోతుంది కాబట్టి ఈ పరీక్షకు అన్నిటికంటే ముందు పెట్టాల్సింది మొదటి ఏడాదినే.

దీనికి ఎదురు తప్పు కూడా ఉంది. తరుగుదల నగదు ఖర్చు కాదు కదా అని దాన్ని లెక్కలోంచే తీసేసి, 13.5 మీద పూర్తి పన్ను వేసి, 10.10 దగ్గర ఆపేయడం. ఈ లెక్కలో ఐదేళ్ల మిగులు ప్రస్తుత విలువ 36.42 లక్షలు, యంత్రం అమ్మితే వచ్చే 15 లక్షల ప్రస్తుత విలువ 8.51 లక్షలు. మొత్తం 44.93. పెట్టుబడి 50. ఐదు లక్షల లోటు కనబడి ప్రతిపాదన పక్కకు పోతుంది.

## అసలు లెక్క

| ఏడాది | మొదట్లో డబ్ల్యూడీవీ | తరుగుదల | షీల్డ్ | ప్రస్తుత విలువ |
|---|---|---|---|---|
| 1 | 50.00 | 7.50 | 1.89 | 1.69 |
| 2 | 42.50 | 6.38 | 1.60 | 1.28 |
| 3 | 36.13 | 5.42 | 1.36 | 0.97 |
| 4 | 30.71 | 4.61 | 1.16 | 0.74 |
| 5 | 26.10 | 3.92 | 0.99 | 0.56 |

అంకెలన్నీ లక్షల్లో. దశాంశాలు కుదించకుండా కూడితే ఐదేళ్ల షీల్డ్ ప్రస్తుత విలువ 5.23 లక్షలు. ఏడాది చివర ఒక్కసారే పన్ను తగ్గినట్టు ఈ పట్టిక అనుకుంటుంది. నిజానికి కంపెనీ అడ్వాన్స్ ట్యాక్స్‌ను జూన్, సెప్టెంబర్, డిసెంబర్, మార్చి నెలల్లో 15వ తేదీలోపు కడుతుంది కాబట్టి ఆదా ఇంకాస్త ముందే చేతికొస్తుంది. అంటే పట్టిక కొంచెం జాగ్రత్త వైపే ఉంది.

ఖాతా పుస్తకాల్లో మాత్రం ఇదే యంత్రం ఇలా తరగకపోవచ్చు. కంపెనీ సమాన వాయిదాల పద్ధతి పాటిస్తే, 50లోంచి 15 తీసి ఐదుతో భాగించి ఏటా 7 లక్షలు రాస్తుంది. ఆ 7 లక్షలనే షీల్డ్ లెక్కకు వాడితే ప్రస్తుత విలువ 6.35 లక్షలు వస్తుంది. కానీ ఆ పన్ను ఆదా ఎవరూ ఇవ్వరు. పన్ను రిటర్నులో ఖాతా పుస్తకాల తరుగుదలను వెనక్కి కలిపేసి, చట్టం ప్రకారం వచ్చిన తరుగుదలనే తీసేస్తారు. వాటాదారులకు చూపించే లాభానికి పుస్తకాల అంకె సరైనదే. నగదు లెక్కకు మాత్రం పన్ను రిటర్నులోని తరుగుదల షెడ్యూలే ఆధారం.

## యంత్రం పోయినా బ్లాకు ఉంటుంది

ఐదేళ్ల తర్వాత డబ్ల్యూడీవీ 22.19 లక్షలు. యంత్రం 15 లక్షలకు అమ్ముడుపోయింది. మిగిలిన 7.19 లక్షలు ఏమవుతాయి? విదేశీ పాఠ్యపుస్తకాల నుంచి తెచ్చుకున్న టెంప్లేట్లలో దీనికి ఒకే జవాబు ఉంటుంది: అమ్మకంలో నష్టం, ఆ నష్టం మీద పన్ను ఆదా అదే ఏడాదిలో. ఆ పద్ధతిలో 7.19 మీద 1.81 లక్షలు వెంటనే వచ్చినట్టు రాసి, దాని ప్రస్తుత విలువ 1.03 లక్షలు కలిపేస్తారు.

భారతీయ చట్టంలో ఒక్కో యంత్రానికి విడిగా తరుగుదల ఉండదు. 15 శాతం రేటు పడే యంత్రాలన్నీ ఒకే బ్లాకు. అందరూ వేసిన బియ్యం కలిసిపోయిన గాదె లాంటిది అది, ఎవరి గింజ ఏదో విడదీయరు. అమ్మిన 15 లక్షలను బ్లాకు మొత్తంలోంచి తీసేస్తారు. బ్లాకులో ఇంకా వేరే యంత్రాలు ఉన్నంత కాలం మన 7.19 లక్షలు కూడా అందులోనే ఉండి, ఏటా 15 శాతం చొప్పున తరుగుతూ పోతాయి. లాభనష్టాలు అక్కడికక్కడ తేలవు.

అమ్మకం తర్వాత కూడా సాగే ఈ షీల్డ్ తోకను లెక్కించడానికి ఏళ్ల తరబడి పట్టిక అక్కర్లేదు. మిగిలిన విలువను తరుగుదల రేటుతోనూ పన్ను రేటుతోనూ గుణించి, డిస్కౌంట్ రేటు, తరుగుదల రేటు రెండింటి మొత్తంతో భాగిస్తే చాలు.

```
7.19 × 15% × 25.168% ÷ (12% + 15%) ≈ 1.00
```

ఇది ఐదో ఏడాది చివరి విలువ. నేటికి తెస్తే 0.57 లక్షలు. టెంప్లేటు చూపిన 1.03తో పోలిస్తే సుమారు 46 వేల రూపాయలు తక్కువ.

ఇప్పుడు అన్నీ కలపొచ్చు. మిగులు 36.42, అమ్మకం 8.51, ఐదేళ్ల షీల్డ్ 5.23, తోక 0.57. మొత్తం 50.73. పెట్టుబడి 50 పోను నికర ప్రస్తుత విలువ 73 వేల రూపాయలు. షీల్డ్ మరిచిపోతే ఇదే యంత్రం ఐదు లక్షల లోటు చూపించింది. షీల్డ్‌ను రెండుసార్లు కలిపితే 5.96 లక్షల మిగులు చూపిస్తుంది. నిజం ఆ రెండింటి మధ్య, సున్నాకు చాలా దగ్గరగా ఉంది. ఇంత అంచున నిలబడ్డ కొనుగోలును, ఏటా 13.5 లక్షలు మిగులుతుందన్న అంచనా ఎంత గట్టిదో చూడకుండా ఒప్పుకోవడం తొందరపాటే.

బ్లాకులో ఇదొక్కటే యంత్రం అయి, అమ్మాక బ్లాకు ఖాళీ అయితే కథ వేరు. అప్పుడు మిగిలిన 7.19 లక్షలు తరుగుదలగా కాక స్వల్పకాలిక మూలధన నష్టంగా మారతాయి. దాన్ని మూలధన లాభాల నుంచే తీసుకోవాలి, వ్యాపార లాభం నుంచి కాదు. అలాంటి లాభాలు లేని చిన్న కంపెనీకి ఆ తోక విలువ దాదాపు సున్నా. మొదటి యంత్రం కొంటున్నవారు ఈ 0.57ను లెక్కలోంచి తీసి చూసుకోవడం మంచిది.

## దసరాకు స్విచ్ వేస్తే

కొన్న ఏడాదిలో యంత్రాన్ని 180 రోజుల కన్నా తక్కువ వాడితే ఆ ఏడాదికి సగం రేటే, అంటే 7.5 శాతం. లెక్కకు వచ్చేది ఇన్‌వాయిస్ తేదీ కాదు, వాడకంలోకి తెచ్చిన తేదీ. మార్చి 31 నుంచి వెనక్కి లెక్కపెడితే, ఫిబ్రవరికి 28 రోజులున్న ఆర్థిక సంవత్సరంలో అక్టోబర్ 3 చివరి రోజు. ఆ తేదీ దాటితే సగమే.

హైదరాబాద్ వర్క్‌షాపుల్లో కొత్త యంత్రానికి ఆయుధపూజ చేసి దసరాకు మొదలుపెట్టడం మామూలే. 2025లో విజయదశమి అక్టోబర్ 2న వచ్చింది, గడువుకు ఒక్కరోజు ముందు. 2026లో అది అక్టోబర్ 20. సెప్టెంబర్‌లోనే బిగింపు పూర్తయిన యంత్రాన్ని పండగ దాకా ఆపితే 163 రోజులే దక్కుతాయి.

మన కేసుకు దీని ధర ఎంత? మొదటి ఏడాది తరుగుదల 7.5కు బదులు 3.75 లక్షలు. తగ్గిన 3.75 ఎక్కడికీ పోదు, బ్లాకులోనే ఉండి తర్వాతి ఏళ్లలో తరుగుతుంది. నష్టపోయేది కాలం మాత్రమే. మొదటి ఏడాది పోయిన షీల్డ్, తర్వాత మెల్లగా తిరిగొచ్చే షీల్డ్ రెండింటి తేడాను నేటి విలువలో చూస్తే సుమారు 37 వేల రూపాయలు. నికర ప్రస్తుత విలువ 73 వేల నుంచి 36 వేలకు దిగుతుంది. పూజ పండగకే చేసుకోవచ్చు, మొదటి జాబు మాత్రం గడువు లోపు నడవాలి. కమిషనింగ్ రిపోర్టు, ఆ యంత్రం మీద చేసిన మొదటి జాబుకు సంబంధించిన కాగితాలు తేదీతో సహా ఫైలులో ఉంటే తర్వాత ప్రశ్న వచ్చినా ఇబ్బంది ఉండదు.

2026 ఏప్రిల్ 1 నుంచి 1961 నాటి ఆదాయ పన్ను చట్టం స్థానంలో 2025 చట్టం అమల్లోకి వచ్చింది. సెక్షన్ల సంఖ్యలు మారినా బ్లాకు పద్ధతి, 180 రోజుల నిబంధన కొనసాగుతున్నాయి.

## ఎక్కువ పన్ను రేటు, ఎక్కువ షీల్డ్

పన్ను రేటు ఎక్కువైతే షీల్డ్ పెరుగుతుంది కాబట్టి యంత్రం కొనడం మరింత లాభమని ఒక మాట వినిపిస్తుంది. పరీక్షించి చూడొచ్చు. ఇదే యంత్రాన్ని భాగస్వామ్య సంస్థ కొంటోందనుకుందాం. ఆదాయం కోటి లోపు ఉంటే రేటు 30 శాతం, సెస్సుతో 31.2 శాతం. 22 శాతం విధానంలోని కంపెనీకి దక్కని ఒక వెసులుబాటు దీనికి ఉంది. తయారీలో వాడే కొత్త యంత్రానికి మొదటి ఏడాది అదనంగా 20 శాతం తరుగుదల వస్తుంది. ఇంతకుముందు వాడిన యంత్రానికి, విదేశాల నుంచి తెచ్చినదైనా సరే, ఇది రాదు. వాడకం 180 రోజుల లోపైతే ఈ 20లో సగం ఆ ఏడాది, మిగతా సగం మరుసటి ఏడాది.

మొదటి ఏడాది తరుగుదల 35 శాతం, అంటే 17.5 లక్షలు. అమ్మకం తర్వాతి తోకతో కలిపి షీల్డ్ ప్రస్తుత విలువ 8.43 లక్షలు. కంపెనీకి వచ్చిన 5.80 కన్నా ఇది 2.63 లక్షలు ఎక్కువ. కానీ అదే 31.2 శాతం ఏటా వచ్చే 13.5 లక్షల మీద కూడా పడుతుంది. మిగులు ప్రస్తుత విలువ 36.42 నుంచి 33.48 లక్షలకు జారుతుంది. నికర ప్రస్తుత విలువ 42 వేల రూపాయలు, కంపెనీ 73 వేల కన్నా తక్కువ. షీల్డ్ వరుసను ఒక్కదాన్నే చూసి పన్ను విధానాన్ని ఎంచుకుంటే ఇలా బోల్తా పడతారు.

## నష్టాల్లో ఉన్న కంపెనీకి

పన్నే కట్టని ఏడాదిలో షీల్డ్ నగదు కాదు. వాడుకోలేని తరుగుదలను ఎన్నేళ్లయినా ముందుకు తీసుకెళ్లవచ్చు, కాబట్టి అది పోదు, ఆలస్యమవుతుంది. మన కంపెనీకి మిగతా వ్యాపారంలో రెండేళ్ల పాటు పెద్ద నష్టాలు ఉండి, మూడో ఏడాది సరిపడా లాభం వస్తుందనుకుందాం. మొదటి రెండేళ్ల షీల్డ్‌ను మూడో ఏడాదికి జరిపితే ప్రస్తుత విలువ 48 వేలు తగ్గి, నికర విలువ 25 వేలకు దిగుతుంది. చాలా షీట్లు ఇక్కడే ఆగుతాయి.

అది సగం లెక్కే. షీల్డ్ ఆలస్యమైనప్పుడు, యంత్రం తెచ్చిన 13.5 లక్షల మీద పడాల్సిన పన్ను కూడా అంతే ఆలస్యమవుతుంది. మొదటి ఏడాది యంత్రం వల్ల పన్ను పడే లాభం 6 లక్షలు పెరిగింది, రెండో ఏడాది 7.13 లక్షలు. ఆ రెండేళ్ల పన్ను మూడో ఏడాదికి జరిగితే కంపెనీకి 43 వేల మేలు జరుగుతుంది. నికర ప్రస్తుత విలువ తగ్గకపోగా 1.16 లక్షలకు పెరుగుతుంది.

యంత్రం వల్ల వచ్చే మిగులు కన్నా దాని తరుగుదల ఎక్కువగా ఉన్న ఏడాదిలోనే ఆలస్యం నిజంగా దెబ్బతీస్తుంది. అదనపు తరుగుదలతో 17.5 లక్షలు రాసి, మిగులు 13.5 దగ్గరే ఉన్న మొదటి ఏడాది అలాంటిది. పాత విధానంలో ఉన్న కంపెనీ ఇలా పేరుకున్న తరుగుదలను మోసుకుంటూ వచ్చి తర్వాత 22 శాతం విధానంలోకి మారితే, అందులో అదనపు తరుగుదల వల్ల వచ్చిన భాగాన్ని ఇక వాడుకోనివ్వరు. రేటు తగ్గుతుందని మారే ముందు ఆ భాగం ఎంతో రిటర్నులోని షెడ్యూలు చూసి విడిగా తేల్చుకోవాలి.